ఊరికే రాసిన ఉత్తరం

కిషన్ రావుకు గోడ కనిపిస్తే చాలు, కళ్లు కొలత మొదలుపెడతాయి. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా ఏ గోడ ఎన్ని అడుగులుంటుందో, ఏ గోడకు పడమటెండ తగిలి రంగు తొందరగా వెలుస్తుందో, ఏ ఇంటాయన గోడ అడిగితే నవ్వి ఊరుకుంటాడో, ఏ ఇంటాయన కుక్కను వదులుతాడో ఆయన నోటి లెక్కన చెప్పగలడు. గోడల సంగతి ఇంత తెలిసిన మనిషికి మనుషుల దగ్గర మాత్రం ఒక్క మాట నోట్లోంచి వచ్చేది కాదు. ఆ మాట "పైసలు".

వర్ణ పబ్లిసిటీ అని పెద్ద పేరే పెట్టుకున్నాడు గానీ, అది చిక్కడపల్లి సందులో కిరాణా దుకాణం మీద ఒక గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఫోను, మూల నిండా రంగు డబ్బాలు. గోడల మీద ప్రకటనలు, దుకాణాల బోర్డులు, గుడ్డ బ్యానర్లు, ఇదీ పని. అక్షరాలు కిషన్ రావు గీస్తాడు. సున్నం కొట్టి, రంగు నింపేది దాసయ్య, అతని భార్య నర్సింహమ్మ, వాళ్ల ఊరివాళ్లు ఇద్దరు. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి మట్టి పనికి వచ్చిన దాసయ్య పదిహేనేళ్ల కింద ఈ బ్రష్షు పట్టాడు. అక్షరం ముక్క రాదు గానీ, గీత దాటి ఒక్క చుక్క రంగు పోనివ్వడు. నర్సింహమ్మ మాత్రం పోయిన చలికాలం నుంచి లోయర్ ట్యాంక్ బండ్ దగ్గరి బస్తీలో సాయంత్రం పెట్టే పెద్దల బడికి పోతున్నది. అప్పటి నుంచి రోడ్డు మీద కనిపించిన ప్రతి బోర్డునూ కూడబలుక్కుని చదువుతుంది. తను సున్నం కొట్టిన గోడల మీద ఇన్నేళ్లూ ఏముండేదో ఆమెకు ఇప్పుడిప్పుడే తెలిసివస్తున్నది.

ఇంతకుముందు ఏడాది ఒక చీరల దుకాణం వాళ్లు వచ్చారు. మంచి మాట, మంచి చాయ్, "మీ పైసలు ఎక్కడికి పోతయి రావు సాబ్" అన్న భరోసా. కిషన్ రావు అడ్వాన్సు అడగలేదు. ముప్పై గోడలు రాసి ఇచ్చాడు. దుకాణం దీపావళికి తెరిచారు, ఉగాదికి మూశారు. రంగుల షాపు అప్పు తీర్చడానికి కిషన్ రావు భార్య దమయంతి గాజులు బ్యాంకుకు వెళ్లాయి, ఇంకా తిరిగి రాలేదు.

దమయంతి పెళ్లికి ముందు రెండేళ్లు ఒక ఆడిటరు దగ్గర పనిచేసిన మనిషి. ఏజెన్సీ పద్దులు ఆమే రాస్తుంది. అందుకే అశోక్ నగర్ నుంచి కొత్త పని వచ్చిందని తెలిసిన రోజు భర్త ముందు కాయితం, కలం పెట్టి కూర్చుంది.

"ముందుగల ఉత్తరం పోవాలె. దశల వారీగా అడ్వాన్సు ఇస్తేనే పని అని రాయండి."

"మొదటిసారి వచ్చిన పార్టీ. అడ్వాన్సు అంటే ఏమనుకుంటరో దమయంతీ."

"ఏమన్న అనుకోనీ. మొహమాటానికి పోతే ఏమైతదో మా అమ్మమ్మ ఒక సామెత చెప్పేది. అది పూర్తిగ నేను చెప్పలేను. ఇదొక్కటి మాత్రం చెప్తున్న. ఈసారి అడ్వాన్సు లేకుంట పనికి దిగిన్రంటే ఈ గదికి తాళం నేనే ఏస్త. నారాయణగూడల మా అన్న సిమెంటు దుకాణం ఉంది గద, పోయి బస్తాల లెక్క రాస్కుంట కూసోండి."

ఉత్త బెదిరింపు కాదు. అన్నతో ఆమె అప్పటికే మాట్లాడిపెట్టిందని కిషన్ రావుకు తెలుసు. సిమెంటు బస్తాల మధ్య కూర్చున్న తనను ఊహించుకుంటే ఆయనకు గొంతులో దుమ్ము పట్టినట్టయ్యేది.

ఆ కొత్త పార్టీ బాలత్రిపురసుందరి అనే ఆవిడ. కాకినాడలో లెక్కల లెక్చరరుగా చేసి, ఉద్యోగం మానేసి, అశోక్ నగర్‌లో సర్కారు ఉద్యోగాల పరీక్షలకు కోచింగ్ సెంటర్ పెడుతున్నది. జూన్ నెలాఖరుకు క్లాసులు మొదలు. ఆ లోపల నలభై గోడలు, ఒక పెద్ద బోర్డు, ఆరు బ్యానర్లు కావాలంది. మొత్తం ఇరవై నాలుగు వేలు. అప్పటికి మే మూడోవారం. వానలు దిగితే సున్నం ఆరదు, రంగు పట్టదు. పైగా ఒక బనియన్ల కంపెనీ వాళ్ల మనుషులు నిచ్చెనలు వేసుకుని ఈ దిక్కు రోడ్ల మీదే తిరుగుతున్నారు. ఖాళీ గోడ కనిపిస్తే సున్నం కొట్టి మూలన పేరు రాసిపోతారు. ఇక ఆ గోడ వాళ్లదే.

కిషన్ రావు లెటర్‌హెడ్ కింద కార్బన్ పెట్టి ఉత్తరం రాశాడు. నాలుగుసార్లు చింపాడు. అయిదోసారి దమయంతి ఒక్కో ముక్కా చెబుతుంటే రాశాడు.

"గౌరవనీయులైన బాలత్రిపురసుందరి గారికి, నమస్కారాలు. మీ ప్రచార పనిని మాకు అప్పగించదలచినందుకు కృతజ్ఞతలు. పనిని మూడు దశలుగా చేయగలము. మొదటి దశ ఇరవై గోడలు, ఎనిమిది వేల రూపాయలు. రెండవ దశ మిగిలిన ఇరవై గోడలు, ఎనిమిది వేలు. మూడవ దశ బోర్డు, బ్యానర్లు, ఎనిమిది వేలు. ఒక్కొక్క దశ సొమ్ము ఆ దశకు ముందుగా చెల్లించగోరుతున్నాము. మూడవ దశలో మాత్రం అయిదు వేలు ముందు, మూడు వేలు పని మీరు చూసుకున్న తరువాత. సున్నము, రంగులు నగదుకు కొనవలసి ఉన్నందున, పనివారికి ముందుగా కూలి ఇవ్వవలసి ఉన్నందున ఈ ఏర్పాటు. మొదటి దశ సొమ్ము అందిన తరువాతే పని మొదలగును. ఒక దశ ముగిసిన పిదప మీరు వద్దనుకుంటే తరువాతి దశ సొమ్ము ఇవ్వనక్కరలేదు. మేము రాయని గోడకు తీసుకున్న సొమ్ము వాపసు చేయగలము. మా మనిషి రసీదుతో వచ్చి సొమ్ము తీసుకొనగలడు."

సోమవారం పొద్దున కిషన్ రావు స్వయంగా స్కూటరు మీద వెళ్లాడు. ఆవిడ లేదు. అటెండరు చేతిలో ఉత్తరం పెట్టి, ఎవరో తరుముతున్నట్టు తిరిగి వచ్చేశాడు.

ఇక అక్కడి నుంచి మొదలైంది ఆయన అవస్థ. మంగళవారం పొద్దున్నుంచి ఫోను పక్కనే కూర్చున్నాడు. మోగకపోతే ఎత్తి చెవికి పెట్టి, లైను ఉందా లేదా అని చూశాడు. ఉంది. పెట్టేశాడు. పెట్టేసిన తరువాత, తను ఎత్తిన ఆ క్షణంలోనే ఆవిడ చేసిందేమో అని కొత్త బెంగ. కిందికి దిగి చాయ్ తాగాడు. పైకి ఎక్కాడు. మళ్లీ దిగాడు. కిరాణా దుకాణం రామచంద్రరావు గల్లాపెట్టె వెనక నుంచి చూసి, "ఏంది కిషన్ రావు, మెట్లు కొలుస్తున్నవా? పద్నాలుగే ఉంటయి, పొద్దున ఉన్నన్నే" అన్నాడు.

బుధవారం ఇంకా అధ్వానం. ఇంట్లో ఉండలేడు, గదిలో ఉండలేడు. కాలుగాలిన పిల్లిలా నారాయణగూడ చౌరస్తా దాకా వెళ్లొచ్చాడు. అక్కడ తను ఎప్పటి నుంచో కన్నేసిన రెండు పెద్ద గోడలు తెల్లగా మెరుస్తూ కనిపించాయి. మూలన బనియన్ల కంపెనీ పేరు. అడ్వాన్సు, అడ్వాన్సు అని ఉత్తరాలు రాసుకుంటూ కూర్చుంటే గోడలు ఆగుతాయా? ఆవిడకు కోపం వచ్చి ఉంటుంది. లెక్చరరు చేసిన మనిషి. తనను దొంగను చూసినట్టు చూశాడే ఈ గోడలాయన అనుకుని ఉంటుంది. ఈపాటికి ఇంకొకరికి కబురు పెట్టి ఉంటుంది.

గురువారం ఆగలేకపోయాడు. దమయంతికి చెప్పకుండా అశోక్ నగర్ వెళ్లాడు.

సెంటర్ అంటే రెండు పెద్ద హాళ్లు, ఇంకా తడి ఆరని గోడలు. ఒక మూల వడ్రంగి నేల మీద కూర్చుని బీడీ కట్ట విప్పుతున్నాడు. బాలత్రిపురసుందరి బల్ల దగ్గర కూర్చుని ఏవో కాయితాలు చూస్తున్నది. పైన ఉన్నది తన ఉత్తరమే. తను గీసిన అక్షరాలను కిషన్ రావు అంత దూరం నుంచే గుర్తుపట్టాడు.

"రండి కిషన్ రావు గారూ. మీ ఉత్తరం చదివానండి" అంటూ ఆవిడ బల్ల సొరుగు లాగబోయింది.

కిషన్ రావుకు ఆ సొరుగు కనిపించలేదు. ఆవిడ మొహమే కనిపించింది. ఆ మొహంలో నవ్వు లేదు. అంతే, మూడు రోజులుగా లోపల తిరుగుతున్నదంతా ఒక్కసారిగా బయటపడింది.

"అది ఊరికే రాసిన ఉత్తరం మేడం! ఆఫీసు పద్ధతి అని మా ఇంట్ల వాళ్లు రాయించిన్రు. మీరేం మనసుల పెట్టుకోవద్దు. పైసలు ఎప్పుడిచ్చినా పర్వాలేదు. రేపే పని షురూ చేస్తం."

ఆవిడ చెయ్యి సొరుగు మీదే ఆగిపోయింది.

"ఊరికే రాశారా?"

"అవును మేడం, ఊరికే."

"సరేనండీ. మీ ఇష్టం" అని ఆవిడ సొరుగు మూసేసింది.

కిషన్ రావు ప్రాణం లేచివచ్చింది. కోపగించుకోలేదు! పని పోలేదు! మెట్లు దిగుతుంటే ఒళ్లు తేలికైంది. ఆ తేలిక స్కూటరు స్టార్ట్ అయ్యే దాకా ఉంది. చిక్కడపల్లి మలుపు తిరిగేసరికి దమయంతి గుర్తొచ్చింది. అప్పుడు స్కూటరు కూడా బరువైంది.

గదికి వెళ్లగానే దాసయ్యను పిలిపించాడు. ఏ గోడలు ముందు, ఏవి వెనక అని చెప్పి, మరిచిపోకుండా జాబితా కూడా రాసిచ్చాడు. ఇక్కడ ఆయన అలవాటు ఒకటి చెప్పాలి. తెల్ల కాయితం మీద జాబితాలు రాయడు. ఒకవైపు వాడిన కాయితాలన్నీ బల్ల మీద బరువు కింద పెట్టుకుని, వెనకవైపు రాస్తాడు. ఆ రోజు చేతికి దొరికిన కాయితం ఏమిటో చూసుకునే స్థితిలో లేడు. కార్బన్ కాపీ అని కూడా గమనించలేదు. పదకొండు గోడల గుర్తులు రాసి, మడిచి, దాసయ్య చేతిలో పెట్టాడు.

శుక్రవారం పొద్దున ఎనిమిదికి అశోక్ నగర్‌లో మొదటి గోడ దగ్గరికి వెళ్లేసరికి దాసయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నర్సింహమ్మ పక్కనే ఉంది. సున్నం డ్రమ్ము పొడిగా ఉంది. బ్రష్షులు కట్ట విప్పలేదు. గోడ ఎలా ఉన్నది అలాగే ఉంది.

"ఏంది దాసయ్యా, ఇంక సున్నం కలపలే?"

దాసయ్య లేచి నిలబడ్డాడు. "అడ్వాన్సు ముట్టిందా సారూ?"

"ఏ అడ్వాన్సు?"

నర్సింహమ్మ కొంగుముడి విప్పి మడత కాయితం తీసింది. "ఈ దిక్కు గోడలున్నయి సారూ. ఈ దిక్కు గిది ఉంది." కాయితం తిప్పి, వేలు పెట్టి, ఒక్కో అక్షరం తడుముకుంటూ చదివింది. "మొదటి... దశ... సొమ్ము... అందిన... తరువాతే... పని... మొదలగును."

కిషన్ రావు మొహం పాలిపోయింది. చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"గది ఊరికే రాసిన కాయితం నర్సింహమ్మా. ఆఫీసు పద్ధతి."

"ఊరికే గూడ రాస్తరా సారూ?" అంది ఆమె. వెటకారం లేదు. నిజంగానే అడిగింది. చదువు వచ్చి ఆరు నెలలే అయిన మనిషి, రాసినదంతా నిజమనే అనుకుంటున్నది. "నిన్న మాపటీలి రెండు గంటలు కూసోని మొత్తం సదివిన. గిందుల మా ముచ్చట గూడ ఉంది." వేలు ఇంకో వరుస మీదికి జరిగింది. "పనివారికి... ముందుగా... కూలి... ఇవ్వవలసి... ఉన్నందున. మాకు ముందుగల ఎప్పుడిచ్చిన్రు సారూ?"

కిషన్ రావు వెనక్కి లెక్క వేసుకున్నాడు. పదిహేనేళ్లు. శనివారం శనివారం, పని అయిన తరువాత, చేతిలో ఉంటే ఇచ్చాడు. లేకపోతే "జర ఆగు" అన్నాడు. ఆ వాక్యం దమయంతి చెబితే తను రాశాడు. రాసేటప్పుడు ఎంత బాగుందీ ఈ మాట, పార్టీ కాదనలేదు అనుకున్నాడే తప్ప, అది అబద్ధమని ఒక్క క్షణం కూడా తోచలేదు.

దాసయ్య మెల్లగా మాట్లాడాడు. ఆ మెల్లదనమే ఎక్కువ తగిలింది. "సారూ, చీరల దుకాణపోళ్లు మీకియ్యలే. మీరు మాకియ్యలే. జర ఆగు దాసయ్యా అన్నరు, ఆగినం. మేమెవర్ని ఆగమనాలె? బియ్యం దుకాణపోడు ఆగుతడా? కిరాయి ఆగుతదా? దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒకాయన రమ్మంటున్నడు. మేము పోలే. మీ మొహం జూసి అడగకుంట ఉన్నం. గిప్పుడు మీరే రాసిన్రు గద. రాసినట్టే జేద్దాం. పైసలు ముట్టిన్నాడు సున్నం కలుపుతం."

మొహం చూసి అడగలేదు. పార్టీల మొహం చూసి తను అడగలేకపోయానని ఇన్నాళ్లూ కిషన్ రావు తన మీద తానే జాలిపడ్డాడు. తన మొహం చూసి కూడా నలుగురు నోరు మూసుకుని ఉన్నారని ఆయనకు తెలియదు.

సెంటరు అక్కడికి రెండు సందుల అవతలే. నడిచే వెళ్లాడు. హాలులో వడ్రంగి ఇప్పుడు బీడీ కాల్చడం లేదు. కొత్త చెక్కలు, రంపం చప్పుడు, పొట్టు.

"మేడం, ఉత్తరం ఊరికే రాసింది కాదు" అన్నాడు గుమ్మంలోనే. "నిన్న నేను తప్పు మాట్లాడిన. మొదటి దశ పైసలు ఇస్తేనే పని మొదలైతది. నా పనోళ్లకు ముందు ఇయ్యాలె."

బాలత్రిపురసుందరి కలం కింద పెట్టింది.

"కూర్చోండి. మీ ఉత్తరం సోమవారమే చదివానండి. నాకు నచ్చింది కూడాను. ఎప్పుడు ఎంతివ్వాలో, ఎందుకివ్వాలో ఇంత శుభ్రంగా ఎవరూ రాసివ్వలేదు. ఎనిమిది వేలు కవర్లో పెట్టి ఈ సొరుగులోనే ఉంచాను. మీ మనిషి రసీదుతో వస్తాడని రాశారు కదా. మంగళవారం చూశాను, బుధవారం చూశాను. ఎవరూ రాలేదు. నిన్న మీరొచ్చారు. తీసి ఇవ్వబోతుంటే ఊరికే రాశానన్నారు."

కిషన్ రావు కుర్చీ అంచు పట్టుకున్నాడు. రెండు రోజులు మెట్లు ఎక్కి దిగాడు. ఫోను ఎత్తి పెట్టాడు. తను రాసిన ఆఖరి వాక్యం తనకే గుర్తు లేదు.

"మరి ఆ కవరు, మేడం?"

ఆవిడ వడ్రంగి వైపు చూసింది. "బెంచీలకు ఆయన అడ్వాన్సు అడిగాడండీ. అడ్వాన్సు లేకపోతే ఉలి ముట్టనని మూడు రోజులు అక్కడే కూర్చున్నాడు. మీరేమో ఎప్పుడిచ్చినా పర్వాలేదన్నారు. ఇంకేం చేస్తాను? ఆయనకిచ్చేశాను."

వడ్రంగి చిత్రిక పట్టడం ఆపకుండానే ఒకసారి తలెత్తి చూశాడు. అడగందే అమ్మయినా పెట్టదు అంటారు. అడిగిన వాడి ముందు చెక్కలున్నాయి. అడిగి వద్దన్నవాడు ఖాళీ చేతులతో కూర్చున్నాడు.

పాత కిషన్ రావయితే ఇక్కడ లేచి, "పర్వాలేదు మేడం, తరువాత చూద్దాం" అనేవాడే. పెదవుల దాకా వచ్చింది కూడా. ఆ పొడి డ్రమ్ము కళ్ల ముందు కదిలి, మాట వెనక్కి పోయింది.

"ఇప్పుడు మీ దగ్గర ఎంత ఉంది మేడం?"

ఆవిడ ఫీజుల పుస్తకం తిప్పింది. నిన్నటి, ఈ రోజు అడ్మిషన్లు కలిపి లెక్క చూసింది. "నాలుగు వేలు ఇవ్వగలను. మిగతాది రెండు వారాలకు."

"అయితే మొదటి దశ పది గోడలు. నాలుగు వేలు. మళ్ల నాలుగు వేలు అందినంక ఇంకో పది. ఉత్తరం మార్చి రాసిస్త. నారాయణగూడ చౌరస్తాల రెండు మంచి గోడలు పోయినయి మేడం, నా తప్పే. వాటికి బదులు వేరేవి చూపిస్త, మీకు నచ్చితేనే రాస్తం."

అక్కడే, ఆవిడ బల్ల మీదే, కొత్త ఉత్తరం రాశాడు. ఇద్దరూ సంతకాలు చేశారు. రెవెన్యూ స్టాంపు కోసం ఎదురు బుక్‌షాపుకు వెళ్లి, తెచ్చి, అంటించి, నాలుగు వేలకు రసీదు ఇచ్చాడు. ఆవిడ నోట్లు ఇస్తూ, "వడ్రంగి కన్నా మీరే మెత్తగా ఉన్నారండీ. అదే భయమేసింది నాకు. నిన్న రాసిన మాట ఇవాళ కాదనే మనిషి, రేపు గోడ మీద ఎలా రాస్తాడో అని" అంది. కిషన్ రావు నోట్లు లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ మాట ఇంటికెళ్లి దమయంతికి చెప్పాలో వద్దో అని మాత్రం ఆలోచించాడు. చెప్పక తప్పదు. కార్బన్ కాపీ ఏదని ఆమె ఎలాగూ అడుగుతుంది.

గోడ దగ్గరికి వెంటనే పోలేదు. చాయ్ దుకాణం బెంచీ మీద కూర్చుని ఇంకో కాయితం రాశాడు. ఈసారి తెల్ల కాయితం, రెండువైపులా ఖాళీగా ఉన్నది. కార్బన్ లేక రెండుసార్లు చేత్తో రాశాడు. అక్షరాలు మాత్రం పెద్దవిగా, విడివిడిగా, పెద్దల బడి వాచకంలో ఉన్నట్టు గీశాడు.

దాసయ్య, నర్సింహమ్మ ఇంకా అదే నీడలో ఉన్నారు. నీడ కొంచెం జరిగింది, వాళ్లూ జరిగారు. కిషన్ రావు కాయితం నర్సింహమ్మకు ఇచ్చాడు. ఆమె మోకాళ్ల మీద పరుచుకుని, వేలు పెట్టింది. రోడ్డు మీద బస్సు పోతే ఆగి, అది పోయాక మళ్లీ అదే అక్షరం నుంచి మొదలుపెట్టింది.

"దాసయ్యకు... వర్ణ పబ్లిసిటీ... రాసి ఇచ్చినది. పది గోడల పనికి... కూలి... రెండు వేలు. పనికి ముందు... పన్నెండు వందలు. అయిదు గోడలు... అయినంక... ఎనిమిది వందలు. పార్టీ... ఇచ్చినా... ఇయ్యకున్నా... ఇది... ఇవ్వవలసినదే."

చివరన ఉన్న సంతకాన్ని కూడా కూడబలుక్కుని చదివింది. తరువాత తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"ఇది గూడ ఊరికే రాసిందేనా సారూ?"

కిషన్ రావు ఆమె ఎదురుగా వంగాడు. జేబులోంచి పన్నెండు వందలు తీసి, ఆ కాయితం మీద పెట్టాడు. నర్సింహమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది. కాయితంలో ఉన్న అంకెతో సరిచూసుకుంది. నోట్లను కొంగుకు ముడివేసుకుని, కాయితాన్ని మాత్రం విడిగా మడిచి రవికెలో దాచుకుంది.

దాసయ్య లేచి, బకెట్టు తీసుకుని ఎదురింటి నల్లా దగ్గరికి నీళ్లకు పోయాడు.